‘గౌరవనీయులైన’ రాయాలా, ‘నమస్తే సార్’ చాలా?

హనుమకొండలో పీజీ చదివే మా చెల్లెలి కొడుకు మొన్న ఒకే పని మీద రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి ప్రిన్సిపాల్‌కు, ఆయనకు వీడెవరో తెలియదు. రెండోది రెండేళ్లుగా ప్రాజెక్టు చూస్తున్న సారుకు. రెండింటికీ ఒకే మొదలు, ఒకే ముగింపు పెట్టాడు.

ప్రిన్సిపాల్‌కు ‘గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి’ అని మొదలుపెట్టి, చివర ‘ఇట్లు, తమ విధేయుడు’ అని రాసి, కింద పూర్తి పేరు, తరగతి, హాల్‌టికెట్ నంబరు ఇవ్వడమే సరైనది. ముఖ పరిచయం లేని పెద్దకు మనమెవరో చెప్పేది ఆ చివరి రెండు వరుసలే. మొదట్లో ‘గారికి’ అన్నాక మధ్యలో ‘నువ్వు’ ఎవరూ రాయరు కానీ, ‘పంపండి’ అని ఆజ్ఞలా రాస్తారు. ‘పంపగలరని మనవి’ అంటే మొదలుకూ ముగింపుకూ పొత్తు కుదురుతుంది.

అదే మాట రోజూ చూసే సారుకు రాస్తే, ఏదో కోపం వచ్చి దూరం జరిగినట్టు ఉంటుంది. ఆయనకు ‘నమస్తే సార్’, చివర ‘ధన్యవాదాలతో’, కింద పేరు చాలు. ఎంత చనువున్నా ‘అన్నా’ మాత్రం వద్దు, ఆ మెయిల్‌ను ఆయన ఆఫీసుకు పంపాల్సి రావచ్చు.

‘ఆశీస్సులతో’ పెద్దలు చిన్నవాళ్లకు రాసేది. వాడు రెండు ఉత్తరాల చివరా అదే పెట్టాడు, పంపకముందే నేను తీయించాను.

ఎటూ తేలకపోతే నేను మొదటిదే ఎంచుకుంటాను. ఆయన జవాబులో ‘నమస్తే’ అంటే, తర్వాతి ఉత్తరంలో మనమూ అక్కడికి దిగొచ్చు.