ఒకే ల్యాప్‌టాప్‌కి మూడు పోస్టులు: రెండేళ్లు రాశాక నా అనుభవం

ఒకే ల్యాప్‌టాప్ ఆఫర్‌ని విద్యార్థులకు, ఆఫీసు ఉద్యోగులకు, గేమర్లకు వేర్వేరుగా రాయడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. పద్ధతి బాగా పనిచేస్తుంది. నేను మొదట్లో రాసినట్టు రాస్తే మాత్రం పనిచేయదు. అప్పట్లో పలకరింపు ఒక్కటి మార్చి, కింద అవే స్పెసిఫికేషన్లు అతికించేవాణ్ణి. మూడు రకాలవాళ్లూ కామెంట్లలో పోస్టులో ఉన్న విషయాన్నే మళ్లీ అడిగేవారు. వాళ్లకు కావలసిన మాట ఎక్కడో అడుగున ఉండిపోయిందని దాంతో అర్థమైంది.

ఈమధ్య రాసినదే తీసుకోండి. 15.6 అంగుళాల తెర, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్, 60 వాట్‌అవర్ బ్యాటరీ, బరువు 2.3 కిలోలు.

విద్యార్థుల పోస్టు బ్యాటరీతో మొదలుపెట్టాను. ఒకసారి కంపెనీ చెప్పిన గంటల లెక్కనే రాస్తే, కొన్న అబ్బాయి క్లాసు మధ్యలోనే ఆగిపోతోందని తిరిగొచ్చాడు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇప్పుడు లెక్క వేసి రాస్తాను. నోట్స్, బ్రౌజింగ్‌కి గంటకు 10 నుంచి 12 వాట్‌అవర్లు ఖర్చయితే 60ని దానితో భాగించాలి, అంటే అయిదారు గంటలు. తెర వెలుతురు పెంచితే ఇంకా తగ్గుతుందని కూడా చెబుతాను.

గేమర్లకు గ్రాఫిక్స్ కార్డు పేరు ఒక్కటే సరిపోదు. ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4050కి తయారీదారు 35 నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. పేరు ఒకటే అయినా ఆటలో వేగం చాలా తేడా వస్తుంది. కాబట్టి ఆ మోడల్‌కి ఎన్ని వాట్లో మొదటి వాక్యంలోనే పెడతాను. ఛార్జర్ పెట్టి ఆడితేనే పూర్తి శక్తి వస్తుందని రెండో వాక్యంలో రాస్తాను.

ఆఫీసు వాళ్ల పోస్టే అన్నిటికన్నా కష్టం. వాళ్లకు తెర 144 హెర్ట్జ్ రిఫ్రెష్ రేటుతో పనిలేదు. బయటి మానిటర్లు ఎన్ని పెట్టుకోవచ్చు, నంబర్ ప్యాడ్ ఉందా, మీటింగ్‌లో ఫ్యాన్ శబ్దం వినిపిస్తుందా, ఇవే అడుగుతారు. రోజూ మోసుకెళ్లేవారికి ఇది బరువని, ఛార్జర్ బరువు అదనమని నేనే ముందు చెప్పేస్తాను. దాంతో అడిగేవాళ్లు తగ్గారు, కొని వెనక్కి తెచ్చేవాళ్లు కూడా తగ్గారు.

ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను. ఆఫర్ ఆఖరి తేదీ మారినప్పుడు రెండు పోస్టుల్లో దిద్ది మూడోది మరిచిపోయాను. పాత తేదీ నమ్మి వచ్చినవాళ్లకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి ధర, తేదీ, వారంటీ, వాపసు షరతులు ఒకే ఫైల్లో నాలుగు వరుసలుగా ఉంచుకుని, మూడు పోస్టులకూ చివర్లో అక్కడినుంచే అతికిస్తున్నాను. ఆ వరుసల్లో ఒక్క అక్షరం మారినా మూడింటినీ తెరిచి దిద్దాకే లేస్తాను.

ఆఫీసు పోస్టుకి నిజాయితీగా రాయడానికి మంచి మాట ఒక్కటీ దొరకని మోడళ్లు వస్తుంటాయి. వాటికి రెండు పోస్టులే రాస్తున్నాను.