వంద మీటర్ల సాళ్లకు సబ్‌మెయిన్ గట్టు పక్కనా, చేను మధ్యలోనా? ఏది మేలు?

డ్రిప్ వేసే ముందు పైపు ఎంత పడుతుందో లెక్క వేయమంటే చాలామంది మొదట లేటరల్, అంటే సాలు వెంట పరిచే డ్రిప్పర్ల పైపు పొడవు లెక్క పెడతారు. నిజానికి అది ఎలా వేసినా పెద్దగా మారదు. మారేది లేటరల్స్‌కు నీళ్లు పంచే సబ్‌మెయిన్ పైపు ఎక్కడ పెడుతున్నాం అన్నదాన్ని బట్టి మెయిన్ పైపు పొడవు, ఫిట్టింగ్‌ల సంఖ్య, అన్నిటికన్నా ముఖ్యంగా సాలు చివరి మొక్కకు అందే నీళ్లు.

ఒక చేను తీసుకుని లెక్క వేద్దాం. సాళ్ల వెంట 100 మీటర్లు, అడ్డంగా 40 మీటర్లు, అంటే ఎకరానికి కాస్త తక్కువ. నేల చదును. సాలుకూ సాలుకూ మధ్య 1.2 మీటర్లు, రెండు గట్ల పక్కన కాస్త వదిలేస్తే 32 సాళ్లు. లేటరల్ 16 ఎం.ఎం. ఇన్‌లైన్, 40 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పర్, ఒక్కోటి గంటకు 2 లీటర్లు ఇచ్చే మామూలు రకం. సాలుకు 250 డ్రిప్పర్లు, అంటే గంటకు 500 లీటర్లు. 32 సాళ్లూ ఒకేసారి పెడితే గంటకు 16,000 లీటర్లు కావాలి కాబట్టి పదహారేసి సాళ్లుగా రెండు సెక్షన్లు చేసి, సెక్షన్‌కో వాల్వ్ పెట్టి, ఒకటి అయ్యాక ఒకటి నడుపుతాం. అప్పుడు సెక్షన్‌కు 8,000 లీటర్లు. మోటారు, ఫిల్టర్ 40 మీటర్ల గట్టు మధ్యలో ఉన్నాయనుకుందాం.

మొదటి పద్ధతిలో సబ్‌మెయిన్‌ను ఆ గట్టు వెంటే వేస్తాం. ఫిల్టర్ దగ్గర ఒక టీ, దానికి అటూ ఇటూ ఒక్కో వాల్వ్, అక్కడి నుంచి 20 మీటర్ల చొప్పున రెండు వైపులా 63 ఎం.ఎం. పీవీసీ, రెండు చివర్లా ఫ్లష్ వాల్వ్‌లు. మొత్తం 40 మీటర్ల పెద్ద పైపుతో పని అయిపోతుంది. సబ్‌మెయిన్ రంధ్రంలో కూర్చునే రబ్బరు గ్రోమెట్ సాలుకొకటి, దానికి లేటరల్ తగిలించే టేకాఫ్ ఒకటి, అవతలి చివర ఒక ఎండ్ క్యాప్, అంటే ఒక్కోటీ 32. కాలువ తవ్వేది గట్టు పక్కనే కాబట్టి చేనులో ఎక్కడా గొయ్యి ఉండదు, దుక్కికి అడ్డం రాదు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా చవక పద్ధతి లేదు, అందుకే ఎక్కువ మంది ఇలాగే వేయించుకుంటారు.

రెండో పద్ధతిలో మెయిన్‌ను పదహారో సాలుకూ పదిహేడో సాలుకూ మధ్య 50 మీటర్లు లోపలికి తీసుకెళ్లి, అక్కడ టీ కొట్టి, అటూ ఇటూ 20 మీటర్ల చొప్పున సబ్‌మెయిన్ వేస్తాం. వాల్వ్‌లు కూడా అక్కడే. ప్రతి సాలూ సగానికి విడిపోయి, 50 మీటర్ల లేటరల్స్ 64 అవుతాయి. పెద్ద పైపు 40 మీటర్లది కాస్తా 90 అయింది. ఎండ్ క్యాప్‌లు 64. గ్రోమెట్లు, టేకాఫ్‌లు కూడా 64 కావాలి, లేదంటే 32తో సరిపెట్టుకుని పైన 32 టీలు వాడొచ్చు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడి దాకా చూస్తే మొదటిదే మేలు అనిపిస్తుంది. కానీ నీళ్లు వదిలాక లెక్క తిరగబడుతుంది.

16 ఎం.ఎం. లేటరల్ లోపలి వ్యాసం దాదాపు 14 ఎం.ఎం. దాకా ఉంటుంది. అందులోంచి గంటకు 500 లీటర్లు పంపిస్తూ, దారిలో డ్రిప్పర్లు తాగుతూ పోతుంటే, వంద మీటర్ల చివరికి వెళ్లేసరికి సుమారు 3 మీటర్ల ప్రెషర్ పోతుంది. మొదట్లో 1 కేజీ, అంటే 10 మీటర్ల ప్రెషర్ ఉంటే చివర 0.7 కేజీ. మామూలు డ్రిప్పర్‌లో నీటి ధార ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి చివరి డ్రిప్పర్ గంటకు 2 లీటర్ల బదులు 1.67 లీటర్లే ఇస్తుంది. అంటే 16 శాతం దాకా తేడా. మొదటి మొక్కకూ చివరి మొక్కకూ తేడా 10 శాతం దాటకూడదన్నది డ్రిప్ డిజైన్‌లో అందరూ పాటించే హద్దు, అంటే ప్రెషర్‌లో సుమారు 20 శాతం దాకా పోవచ్చు. ఇక్కడ 30 శాతం పోయింది.

అదే లేటరల్‌ను సగం చేస్తే? నష్టం సగం అవుతుందనుకుంటారు, కాదు. పొడవు సగమైంది, అందులో పారే నీళ్లూ సగమయ్యాయి, నష్టమేమో నీటి పరిమాణంతో పాటు దాదాపు వర్గంలా పెరిగేది. రెండూ కలిస్తే నష్టం ఏడో వంతుకు పడిపోతుంది. 3 మీటర్లు కాస్తా అర మీటరు లోపే. చివరి డ్రిప్పర్ 1.96 లీటర్లు ఇస్తుంది. అదే పైపు, అదే మోటారు, మొదలు పెట్టిన చోటు మాత్రమే మారింది.

మరి అదనంగా వేసిన 50 మీటర్ల మెయిన్‌లో ప్రెషర్ పోదా? పోతుంది, 63 ఎం.ఎం. పైపులో గంటకు 8,000 లీటర్లకు 0.07 కేజీ దాకా పోతుంది. కానీ అది వాల్వ్‌కు ముందే పోయేది, దాని ప్రభావం అన్ని సాళ్ల మీదా ఒకేలా ఉంటుంది, మోటారు కాస్త ఎక్కువ నెట్టితే సరిపోతుంది. లేటరల్‌లో పోయేదాన్ని మోటారు పెంచి పూడ్చలేం, ఎందుకంటే ప్రెషర్ పెంచితే మొదటి మొక్కకూ పెరుగుతుంది, తేడా తేడాగానే ఉండిపోతుంది. మెయిన్‌లో పోయింది మోటారు భరిస్తుంది, లేటరల్‌లో పోయింది పంట భరిస్తుంది. రెండు పద్ధతుల్లో ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఇదే.

ఇప్పటికే గట్టు పక్కన వేసేసినవాళ్లు సొంతంగా తేల్చుకోవచ్చు. సాలు మొదట్లో ఒక డ్రిప్పర్ కిందా, చివర్లో ఒక డ్రిప్పర్ కిందా మట్టి కాస్త తీసి రెండు గ్లాసులు పెట్టండి, పైపు వెంట నీరు జారిపోకుండా డ్రిప్పర్‌కు ఇరువైపులా దారం ముడి వేస్తే చుక్క అక్కడే పడుతుంది. 6 నిమిషాలు వదిలితే 2 లీటర్ల డ్రిప్పర్ 200 మి.లీ. ఇవ్వాలి. చివరి గ్లాసులో 180 పైన ఉంటే అలాగే ఉంచేయండి, టెన్షన్ అక్కర్లేదు. 165 దగ్గర ఉంటే పొడవు ఎక్కువైనట్టు. ఒక్క సాలులో ఒక్క గ్లాసే తక్కువగా ఉండి పక్క సాళ్లలో బాగుంటే మాత్రం అది పొడవు సమస్య కాదు, ఆ డ్రిప్పర్ పూడుకుపోయినట్టు, ముందు ఎండ్ క్యాప్ తీసి కడగాలి.

గట్టు పక్కనే ఉంచి 20 ఎం.ఎం. లేటరల్ వేసుకోవచ్చు కదా అనొచ్చు. వేసుకోవచ్చు, నష్టం 1 మీటరు దగ్గరకు వస్తుంది, చివరి డ్రిప్పర్ 1.9 లీటర్లు ఇస్తుంది, హద్దులోనే ఉన్నట్టు. కానీ 50 మీటర్ల మెయిన్ తప్పించుకోవడానికి మూడు వేల పైచిలుకు మీటర్ల లేటరల్ మొత్తాన్నీ లావు పైపుగా మార్చడం నాకు లెక్కకు తూగదు. ప్రెషర్ మారినా ధార మారని డ్రిప్పర్లు, పీసీ అంటారే, అవి ఉన్న లేటరల్ అయితే గట్టు పక్క పద్ధతి బాగానే పని చేస్తుంది, వాటికి కావలసిన కనీస ప్రెషర్ చివరిదాకా అందితే చాలు. అసలు డ్రిప్పర్ల మధ్య 40 బదులు 60 సెంటీమీటర్లు చాలే పంటైతే సాలుకు నీళ్లు మూడో వంతు తగ్గి, నష్టం మీటరున్నర లోపుకు వస్తుంది, అప్పుడు వంద మీటర్లకూ గట్టు పక్కనే వేసుకోండి, మధ్యలోకి వెళ్లే పని లేదు. 40 సెంటీమీటర్ల దూరానికైతే 75 మీటర్లు దాటాక నేను గట్టు పక్కన వేయను.

మధ్య సబ్‌మెయిన్‌కు ఉన్న కష్టాలూ చిన్నవి కావు. పైపు రెండడుగుల లోతున వేసినా టేకాఫ్‌ల పిలకలు చేను నడుమ పైకి లేచి ఉంటాయి. దుక్కికి ముందు ఆ గీత వెంట రెండు చివర్లా, వాల్వ్‌ల దగ్గరా గుర్తుగా కర్రలు పాతకపోతే రోటవేటర్ వాటిని కోసేస్తుంది. ఎండ్ క్యాప్‌లు రెండు గట్ల వైపూ ఉంటాయి కాబట్టి కడిగేటప్పుడు అటోసారి ఇటోసారి తిరగాలి. అన్నీ ఒకేసారి తెరిస్తే ఏ పైపులోనూ జోరు ఉండదు, నాలుగైదు చొప్పున తీసి నీళ్లు తేటగా వచ్చాక మూయాలి.

ఇక టీల సంగతి. మధ్యలో వేసినప్పుడు సాలుకు రెండు రంధ్రాలు చేసి అటొకటి ఇటొకటి టేకాఫ్ పెట్టొచ్చు, లేదా ఒక్క రంధ్రం చేసి, టేకాఫ్‌కు డ్రిప్పర్లు లేని 16 ఎం.ఎం. పైపు ముక్క తగిలించి పైకి తెచ్చి, అక్కడ టీతో రెండు వైపులా లేటరల్స్ కలపొచ్చు. నేను టీ వైపే. గ్రోమెట్ మట్టి కింద ఉంటుంది, కారితే నేల చిత్తడి అయ్యాకే తెలుస్తుంది, తవ్వితే గానీ బాగుపడదు. టీ కళ్ల ముందు ఉంటుంది. 64 రంధ్రాల బదులు 32 అంటే భూమిలో కారే అవకాశం సగం అయినట్టే. రంధ్రం చేసేటప్పుడు గ్రోమెట్‌కు సరిపడే బిట్‌నే వాడాలి, అంచున మిగిలిన పీవీసీ పొట్టు గీకేయాలి. ఆ పొట్టు పైపులో పడిపోయి ఉంటుంది కాబట్టి లేటరల్స్ తగిలించక ముందే ఫ్లష్ వాల్వ్‌లు తెరిచి సబ్‌మెయిన్ కడగాలి. కడగకపోతే ఆ పొట్టు నేరుగా వెళ్లి డ్రిప్పర్లలో కూర్చుంటుంది.

కొనేటప్పుడు లేటరల్ 3,200 మీటర్లని 400 మీటర్ల రోల్స్ ఎనిమిది తెచ్చుకుంటే చాలదు. పైపు తాడులా తిన్నగా పడుకోదు, ఎండకు సాగుతుంది, రాత్రి చల్లదనానికి ముడుచుకుంటుంది, బిగుతుగా వేస్తే టేకాఫ్ దగ్గర ఊడొస్తుంది. వందకు రెండు మీటర్లు వదులు పెడితే 3,264 మీటర్లు అవుతుంది, తొమ్మిదో రోల్ తెరవాల్సిందే. ప్రతి రోల్ చివరా ముక్క మిగులుతుంది, వాటిని కలపడానికి ఎనిమిది పది జాయినర్లు, కోతలు పడినప్పుడు వాడుకోవడానికి ఇంకో పది చేతిలో ఉంచుకోండి.

చివరిగా వాలు. పైన చెప్పిందంతా చదును నేలకు. సాలు వెంట నేల నూటికి రెండు మీటర్లు కిందికి వాలి, మోటారు ఎత్తు వైపున ఉంటే, పైపులో పోయిన 3 మీటర్లలో 2 మీటర్లు వాలే తిరిగి ఇస్తుంది, అలాంటి చోట గట్టు పక్క పద్ధతి నిశ్చింతగా వేసుకోవచ్చు. అదే వాలులో సరిగ్గా మధ్యన వేస్తే ఎగువ సగానికి ఒక మీటరు తగ్గి, దిగువ సగానికి ఒక మీటరు పెరుగుతుంది. కాబట్టి మధ్య పద్ధతే కావాలనుకుంటే సబ్‌మెయిన్‌ను ఎగువకు జరపాలి, ఎగువ లేటరల్స్ 30 మీటర్లు, దిగువవి 70 మీటర్లు వచ్చేలా. మెయిన్ కూడా 20 మీటర్లు తగ్గుతుంది.