ప్రాజెక్ట్ రిపోర్ట్ దిద్దేటప్పుడు: ముగింపు నుంచి వెనక్కా, ఫలితాల నుంచి ముందుకా?

ముగింపులు ఫలితాల నుంచే వచ్చాయా లేదా అని చూడటానికి రెండు పద్ధతులున్నాయి. ముగింపులోని ఒక్కో వాక్యాన్ని పట్టుకుని, దానికి ఆధారం ఏ పట్టికలో ఉందో వెతకడం ఒకటి. ముగింపు చదవకుండానే పట్టికలు, గ్రాఫులు చూసి, వాటి నుంచి ఏం చెప్పవచ్చో మనమే రాసుకుని, తర్వాత విద్యార్థి రాసినదాన్ని పక్కన పెట్టి చూడటం రెండోది.

సిమెంటులో కొంత భాగం బదులు ఫ్లై యాష్ వాడిన కాంక్రీటు మీద ఒక రిపోర్ట్ వచ్చిందనుకుందాం. ఒక్కో మిశ్రమానికి మూడు క్యూబులు. 28 రోజుల సగటు బలం ఫ్లై యాష్ లేనప్పుడు 31.2, పది శాతానికి 29.0, ఇరవై శాతానికి 32.4 మెగాపాస్కల్. ముగింపులో ఇలా రాశారు: "20% ఫ్లై యాష్ వల్ల బలం 4% పెరిగింది, ఇదే అత్యుత్తమ మోతాదు, మన్నిక కూడా పెరుగుతుంది."

వెనక్కి వెతికితే మన్నిక మాట వెంటనే దొరికిపోతుంది. మన్నికకు సంబంధించిన పరీక్ష ఒక్కటీ చేయలేదు. ఫ్లై యాష్ మన్నిక పెంచుతుందని పుస్తకాల్లో ఉండొచ్చు, కానీ అది ఈ ప్రయోగం చూపించినది కాదు. చిక్కు మొదటి వాక్యంతోనే. 31.2 నుంచి 32.4కి లెక్క వేస్తే దాదాపు 4% వస్తుంది. లెక్క సరిపోయింది కదా అని టిక్కు పెట్టేస్తాం.

ముందుకు చదివితే ముందు విడి విలువలు కంటపడతాయి. ఫ్లై యాష్ లేని క్యూబులు 29.5, 31.0, 33.1. ఇరవై శాతంవి 30.2, 32.6, 34.4. ఒకే మిశ్రమంలోని క్యూబుల మధ్యే 4.2 దాకా తేడా ఉంటే, సగటుల్లో 1.2 తేడాను పెరుగుదల అనలేం. "20% వాడినా 28 రోజుల బలం తగ్గినట్టు కనిపించలేదు" అన్నంత వరకే నిలుస్తుంది. పది శాతం దగ్గర సగటు తగ్గిందన్న సంగతీ ఇక్కడే తెలుస్తుంది, ముగింపు దాని ఊసే ఎత్తలేదు. ఇరవై దాటి పరీక్షించనే లేదు కాబట్టి "అత్యుత్తమ" అనడానికి కూడా వీల్లేదు.

నా ఓటు ముందుకు చదవడానికే. ముగింపు దాచిపెట్టిన ఫలితాన్ని వెనక్కి వెతికే పద్ధతి పట్టుకోలేదు. అయితే దీనికి టైం ఎక్కువ పడుతుంది, పైగా మనం రాసుకున్నదే సరైన జవాబనుకునే ప్రమాదం ఉంది. విద్యార్థి వేరేలా చెప్పినా పట్టికలు దానికి ఒప్పుకుంటే మార్కులు ఇవ్వాల్సిందే. రిపోర్టులు కుప్పలుగా ఉంటే, ముఖ్యమైన పట్టిక ఒక్కదాన్నైనా ముగింపుకు ముందు చదివి, మిగతా వాక్యాలను వెనక్కి వెతకడం నయం.

బలం పెరగలేదని నిజాయితీగా రాసిన రిపోర్టుకు ఈ భాగంలో పూర్తి మార్కులు పడాలి. ఇక్కడ తూచేది కాంక్రీటు బలాన్ని కాదు.