బంకమట్టిలో పైల్: లావు పెంచాలా, లోతు పెంచాలా? ఏది మేలు?

నెల్లూరు నుంచి ముత్తుకూరు వైపు వెళ్తే రొయ్యల షెడ్లు, ఐస్ ఫ్యాక్టరీలు, గోడౌన్లు వరసగా కనిపిస్తాయి. ఆ పక్క పల్లపు నేలలో పైల్, అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభపు పునాది మాట వస్తే యజమాని నోట తరచూ వచ్చే మాట ఇదే: "లావుగా ఏసెయ్యండి సార్, లోతుకు పోయినా ఉండేది బురదే గదా!" పెన్నా ఇసుకలో పనిచేసి వచ్చిన మేస్త్రీ కూడా దానికే ఓటేస్తాడు. గట్టి ఇసుకలో పైల్ కాలు, అంటే దాని అడుగు, చాలా బరువు మోస్తుంది కాబట్టి అక్కడ ఆ మాటకు అర్థముంది. బంకమట్టిలో లెక్క తిరగబడుతుంది. ఎంత తిరగబడుతుందో ఒకే కాంక్రీటుతో పోయగల మూడు పైల్స్ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఉదాహరణకి ఒక బోర్‌లాగ్, అంటే బోరు వేసి రాసుకున్న మట్టి పొరల వివరం, ఇలా ఉందనుకుందాం. పైన 2 మీటర్లు గ్రావెల్ మెరక. దాని కింద 10 మీటర్ల లోతు దాకా మెత్తటి సముద్రపు బంకమట్టి. మట్టి తనను తాను పట్టుకునే బలం, అంటే కొహిషన్, చదరపు మీటరుకు 2 టన్నులు. అక్కడి నుంచి 30 మీటర్ల దాకా గట్టి బంకమట్టి, కొహిషన్ 8 టన్నులు, బోరులో సుత్తి దెబ్బలు లెక్కపెట్టి గట్టితనం చూసే ఎస్పీటీ విలువ 13–14 దగ్గర. షెడ్డులో ఒక్కో కాలమ్ మీద 60 టన్నుల బరువు. గోడ కూలకుండా బెంటొనైట్ బంక నీళ్లు నింపి తవ్వి, అడుగు దాకా దించిన ట్రెమీ గొట్టంతో కాంక్రీటు పోసే బోర్ పైల్స్.

పైల్ మొత్తం బలం Qu లెక్క, పైల్ పునాదులకు మన దేశపు కోడు ఐ.ఎస్. 2911లో ఉన్నదే:

```
Qu = 9·cu·Ap + Σ(α·cu·As)
```

మొదటి ముక్క ఎండ్ బేరింగ్. కాలి కింద ఉన్న మట్టి కొహిషన్‌కి తొమ్మిది రెట్లు, దాన్ని కాలి వైశాల్యంతో గుణించాలి. రెండోది స్కిన్ ఫ్రిక్షన్. పైల్ ఒంటికి మట్టి కొహిషన్ మొత్తం అంటుకోదు, అందులో కొంత వంతే పనిచేస్తుంది. ఆ వంతే అడ్హిజన్ ఫ్యాక్టర్, అంటే ఆల్ఫా. ఐ.ఎస్. 2911 పాత ఎడిషన్ పట్టికలో బోర్ పైల్‌కి మెత్తటి బంకమట్టిలో 0.7, ఎస్పీటీ 8 నుంచి 15 మధ్య ఉన్న గట్టి బంకమట్టిలో 0.4 ఇచ్చారు. మట్టి గట్టిపడేకొద్దీ ఆల్ఫా తగ్గుతుంది. తవ్వేటప్పుడు గట్టి మట్టి గోడ సడలి, నీళ్లు పీల్చుకుని మెత్తబడటం అందుకు ఒక పెద్ద కారణం. 2010 ఎడిషన్ పట్టిక బదులు కొహిషన్‌ని బట్టి ఆల్ఫా చూపే గ్రాఫ్ ఇచ్చింది. నేను ఇక్కడ పాత పట్టికే వాడుతున్నాను, ఎందుకంటే మన చిన్న పనుల్లో కొహిషన్ కూడా ఎస్పీటీ నుంచే లాగుతాం. ల్యాబులో కొలిచిన కొహిషన్‌కి సరిపోయే గ్రాఫులోంచి ఆల్ఫా తీసి, ఎస్పీటీ నుంచి ఊహించిన కొహిషన్‌కి తగిలిస్తే వచ్చే అంకెను నమ్మలేం. ఆల్ఫా, కొహిషన్ ఎప్పుడూ ఒకే ఇంటి జంటగా రావాలి.

అంటే మెత్తటి పొరలో చదరపు మీటరుకు 1.4 టన్నులు, గట్టి పొరలో 3.2 టన్నులు ఒంటి రాపిడి. మెరక ఇచ్చే రాపిడిని లెక్కలోకి తీసుకోలేదు. మూడు పైల్స్‌కీ కాంక్రీటు దాదాపు 4 ఘనపు మీటర్లే. అంకెలన్నీ టన్నుల్లో, చివరి వరసలో 2.5 భద్రత కోసం వదిలే మార్జిన్:

| | 600 మి.మీ., 14 మీ. | 500 మి.మీ., 20 మీ. | 450 మి.మీ., 25 మీ. |
|---|---|---|---|
| మెత్తటి పొర రాపిడి | 21.1 | 17.6 | 15.8 |
| గట్టి పొర రాపిడి | 24.1 | 50.3 | 67.9 |
| కాలి బలం | 20.4 | 14.1 | 11.5 |
| మొత్తం | 65.6 | 82.0 | 95.2 |
| 2.5తో భాగిస్తే | 26.2 | 32.8 | 38.1 |

కాంక్రీటు అంతే, బలం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎందుకో చూడటానికి ఒక చిన్న లెక్క చాలు. కాలి బలాన్ని మీటరు ఒంటి బలంతో భాగిస్తే కొహిషన్ పైనా కిందా కొట్టుకుపోయి 2.25 × వ్యాసం ÷ ఆల్ఫా మిగులుతుంది. 600 పైల్‌కి అది సుమారు 3.4 మీటర్లు. అంటే అంత లావు కాలు ఇచ్చే బలమంతా అదే మట్టిలో ఇంకో మూడున్నర మీటర్లు దిగితే ఒళ్లే ఇచ్చేస్తుంది. బంకమట్టి ఇంకా గట్టిదైతే కాలు గెలుస్తుందిలే అనుకునేవాళ్లకు కూడా ఇదే జవాబు: కొహిషన్ పెరిగితే రెండూ కలిసే పెరుగుతాయి, ఆల్ఫా తగ్గినంత మేరకే కాలికి లాభం.

పైగా కాలి బలం కాగితం మీద ఉన్నంత తొందరగా చేతికి రాదు. ఒంటి రాపిడి పైల్ నాలుగైదు మిల్లీమీటర్లు దిగేసరికే దాదాపు పూర్తిగా పనిలోకి వస్తుంది. కాలు పూర్తిగా పట్టాలంటే వ్యాసంలో పదో వంతు, అంటే 600 పైల్‌కి 60 మిల్లీమీటర్లు దిగాలి. అంత దిగితే షెడ్డు గోడలు ఊరుకోవు. ఇక అడుగున బురద మిగిలితే ఆ మాత్రం కూడా ఉండదు. గొట్టం దించాక కాంక్రీటు లారీ ఆలస్యమైతే బెంటొనైట్‌లో తేలే మట్టి మళ్లీ అడుక్కి చేరుతుంది. పోసే ముందు మరోసారి ఫ్లషింగ్ చేసి, బరువు కట్టిన టేపుతో లోతు కొలిస్తే సంగతి తెలిసిపోతుంది: తవ్వినప్పుడు 14.0 ఉన్నది ఇప్పుడు 13.6 అని వస్తే 40 సెంటీమీటర్ల బురద ఉన్నట్టే. కాలు పూర్తిగా పోయిందనుకుంటే 600 పైల్ మొత్తం బలంలో 31 శాతం పోతుంది, 450 పైల్‌కి 12 శాతమే.

సన్న పైల్‌కి బలహీనత లేకపోలేదు. దాని బలమంతా ఆల్ఫా మీద ఆధారపడింది. బోరు తవ్వేసి రాత్రంతా వదిలేశారనుకోండి, గోడ మెత్తబడి, బెంటొనైట్ మందంగా పేరుకుని, గట్టి పొరలో ఆల్ఫా 0.3కి పడిపోవచ్చు. అప్పుడు 600 పైల్ 9 శాతం కోల్పోతే 450 పైల్ 18 శాతం కోల్పోతుంది. అయినా 78 టన్నులతో ముందే ఉంటుంది, తేడా మాత్రం తగ్గుతుంది. కాబట్టి లోతు ఎంచుకున్నవాళ్లు తవ్విన రోజే కాంక్రీటు పోసేలా చూసుకోవాలి. 25 మీటర్లు తవ్వి, కడ్డీల కేజ్ దించి, ట్రెమీ బిగించి అదే రోజు పోయడం మన దగ్గర తిరిగే, బెంటొనైట్ తిప్పుతూ తవ్వే చిన్న డీఎంసీ రిగ్గుకి మాటలు కాదు. 450 బోరులో కేజ్ దించాక ట్రెమీ గొట్టం జాయింట్లు కడ్డీలకు తగలకుండా లాగడం కూడా ఒక తంటా. బోరు ఒకటిన్నర శాతం వాలితే, అంటే కోడు ఒప్పుకునేంతే, 25 మీటర్ల అడుగున 37 సెంటీమీటర్లు పక్కకు పోతుంది.

ఇప్పుడు 60 టన్నుల కాలమ్‌కి రండి. 600 పైల్ అయితే మూడు కావాలి. రెండు వేస్తే 52 టన్నులే. 500 పైల్స్ రెండు వేస్తే 65.6, సరిపోతాయి. 450 కూడా రెండే కావాలి. ఒక్కోదాంట్లో మిగిలే ఎనిమిది టన్నుల బలం ఎందుకూ ఉపయోగపడదు. కాంక్రీటు మొదటిదానికి కాలమ్‌కి 12 ఘనపు మీటర్లు, మిగతా రెండింటికీ 8. అంచేత ఈ బోర్‌లాగ్‌కి నా ఓటు 500 మి.మీ., 20 మీటర్లకే. తుఫాను గాలి తగిలే ఎత్తైన షెడ్డు అయితే 450ని అసలు పక్కన పెట్టాలి. పక్క తోపుకి వంగే విషయంలో 600 పైల్ అడ్డుకోత దానికంటే మూడు రెట్లు గట్టిది. అలాంటప్పుడు నేను 500 పైల్ లోతు తగ్గించను, కావాలంటే 600ని 20 మీటర్లకు దించుతాను.

ఈ తీర్పుని తలకిందులు చేసేది ఒకటుంది, మెరక వయసు. పల్లపు చేనుని కొని నిరుడో మొన్నో గ్రావెల్ తోలించి ఉంటే ఆ బరువుకి కింద ఉన్న సముద్రపు మట్టి ఏళ్ల తరబడి నీళ్లు వదులుతూ కుంగుతుంది. కుంగే మట్టి పైల్‌ని మోయదు, కిందికి లాగుతుంది. పట్టికలో మొదటి వరస అప్పుడు కూడికలోంచి తీసివేతలోకి వెళ్తుంది. గట్టి పొర, కాలు కలిపిన బలాన్ని 2.5తో భాగించి ఆ లాగుడు తీసేస్తే 450 పైల్‌కి 16 టన్నులు, 500కి 8 టన్నులు మిగులుతాయి. 600 పైల్‌కి ఏమీ మిగలదు, ఇంకా 3 టన్నుల అప్పు. మెరక సొంతంగా చేసే లాగుడు ఇందులో కలపలేదు. అలాంటి స్థలంలో కాలమ్‌కి నాలుగు 450 పైల్స్ వేయాలి, లేదా గట్టి పొరలో ఇంకా లోతుకు పోవాలి, లేదా మెరక కుంగడం అయ్యేదాకా ఆగాలి. మెరక కొత్తదో పాతదో యజమాని చెప్పకపోయినా పక్క షెడ్లు చెబుతాయి: ఫ్లోర్ దిగి, కాలమ్ చుట్టూ మాత్రం గడ్డలా పైకి కనిపిస్తుంటే మట్టి కుంగిందని, ఇంకా కుంగుతుండొచ్చని అర్థం. కన్సాలిడేషన్ టెస్టు చేయిస్తే ఇంకెంత కుంగాలో అంకె దొరుకుతుంది.

లోడ్ టెస్టు చేయిస్తే ఇదంతా తేలిపోతుందిగా అని అడుగుతారు. తేలదు. టెస్టు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. పైల్ కిందికి దిగుతున్నంతసేపూ మెత్తటి పొర కూడా దాన్ని పట్టుకునే ఉంటుంది. తర్వాత ఏళ్లలో లాగబోయే పొర ఆ రోజు మోస్తున్నట్టు నటిస్తుంది. కొత్త మెరక మీద 8 టన్నులకు డిజైన్ చేసిన 500 పైల్‌ని ఒకటిన్నర రెట్లు, 12 టన్నులతో పరీక్షిస్తే ఆ బరువుని మెత్తటి పొర ఒక్కటే మోసేస్తుంది. గట్టి పొరకు, కాలికి పని దాదాపు పడదు. అందుకని టెస్టు బరువు నిర్ణయించేటప్పుడు ఆ పొర ఆ రోజు మోసే 17.6 టన్నులు, తర్వాత అది లాగబోయే 17.6 టన్నులు, రెండూ డిజైన్ బరువుకి విడిగా కలపమని టెస్టు చేసేవాళ్లకు ముందే కాగితం మీద రాసివ్వాలి.