మూడో పెట్టె లేని పట్టిక ఎందుకు పనికిరాదు: కొన్నేళ్ల వాడకం తర్వాత

రాయగడలో మా ఇంటికి వచ్చే తెలుగు పిల్లల చేత కొన్నేళ్లుగా లాజిక్ గ్రిడ్ పజిళ్లు చేయిస్తున్నాను. ఇచ్చిన ఆధారాలను బట్టి పట్టిక గడులలో అవునంటే రైటు, కాదంటే ఇంటూ పెడుతూ ఎవరికి ఏది జతో తేల్చే పజిళ్లు ఇవి. ఇంతకాలం వాడాక ఈ పజిళ్ల పుస్తకాలలో నాకు ప్రాణమైనది కథలు కావు, పట్టికలోని మూడో పెట్టె. మనుషులు, ఊళ్లు, సరుకులు అనే మూడు వర్గాలుంటే మనుషులకూ ఊళ్లకూ ఒక పెట్టె, మనుషులకూ సరుకులకూ ఇంకొకటి, సరుకులకూ ఊళ్లకూ మూడోది ఉండాలి. కాగితం ఆదా కోసమేమో, మేము కొన్న ఒక చౌక పుస్తకంలో ఈ మూడోదాన్ని తీసేసి అచ్చువేశారు. పిల్లలు సగంలో ఆగిపోయి ఊహతో రైటులు పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత మూడు పెట్టెలున్న పుస్తకం తెప్పించినప్పుడు తేడా ఎక్కడుందో కళ్లారా చూశాను.

వాళ్ల కోసం నేను అల్లిన పజిల్‌నే తీసుకుంటాను. రమణ, లక్ష్మి, అప్పన్న, సావిత్రి సంతకు వచ్చారు. ఊళ్లు పర్లాఖిముండి, గుణుపురం, రాయగడ, కొరాపుట్. సరుకులు చింతపండు, అల్లం, పసుపు, జీడిపప్పు. ఒక్కొక్కరిది ఒక్కో ఊరు, ఒక్కో సరుకు. మొదటి ఆధారం ప్రకారం రమణది పర్లాఖిముండి గానీ గుణుపురం గానీ. రెండో ఆధారం ప్రకారం అల్లం వచ్చింది రాయగడ నుంచి గానీ కొరాపుట్ నుంచి గానీ. ఈ రెండింటితో ఎవరిదీ ఏ ఊరో తేలలేదు, పట్టికలో ఒక్క రైటు కూడా పడలేదు. అయినా రమణ వరసలో రాయగడ, కొరాపుట్ గడులకు ఇంటూ పడుతుంది. మూడో పెట్టెలో అల్లం వరసలో పర్లాఖిముండి, గుణుపురం గడులకు ఇంటూ పడుతుంది. రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ ఖాళీగా మిగిలిన ఊరు ఒక్కటీ లేదు. రమణే అల్లం అమ్మితే అతనికి ఊరే ఉండదు కాబట్టి అతను అల్లం అమ్మడన్నది నిశ్చయం. ఇందులో ఊహకు చోటు లేదు. రెండు పెట్టెల పట్టికలో రెండో ఆధారాన్ని రాసుకోవడానికే గడి లేదు.

లక్ష్మీ అప్పన్నా అల్లం అమ్మరని మూడో ఆధారం చెబుతుంది. నలుగురిలో ముగ్గురికి ఇంటూ పడింది గనుక అల్లం సావిత్రిది. ఇక్కడ రైటు పెట్టి ఊరుకుంటే పట్టిక సగమే పనిచేసినట్టు. సావిత్రి, అల్లం ఇకపై ఒకటే కాబట్టి, ఊళ్ల విషయంలో అల్లం వరసలో ఉన్న ప్రతి ఇంటూనూ సావిత్రి వరసలోకి దించాలి, సావిత్రి వరసలోనివి అల్లం వరసలోకి ఎక్కించాలి. చింతపండు కొరాపుట్‌దని నాలుగో ఆధారం చెప్పగానే అల్లానికి రాయగడ ఒక్కటే మిగులుతుంది, సావిత్రిదీ అదే ఊరు. రమణది కొరాపుట్ కాదు కనుక అతను చింతపండు అమ్మడు. అప్పన్న కూడా అమ్మడని అయిదో ఆధారం అంటుంది కాబట్టి అది లక్ష్మిది. పసుపు గుణుపురానిదనీ, జీడిపప్పు రమణది కాదనీ చెప్పే చివరి రెండింటితో రమణకు పసుపూ గుణుపురమూ, అప్పన్నకు జీడిపప్పూ పర్లాఖిముండీ దక్కుతాయి.

ఎక్కడైనా చెయ్యి జారితే చాలాసార్లు పట్టికే పట్టిస్తుంది: ఒక పెట్టెలో ఏదో ఒక వరస మొత్తం ఇంటూలే అవుతుంది, లేదా ఒకే వరసలో రెండు రైటులు పడతాయి. అయితే తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పదు. అందుకే ప్రతి గుర్తు పక్కన ఆధారం సంఖ్యను సన్నగా రాయిస్తాను.

ఆధారాన్ని గడులలోకి ఎక్కించాక కొట్టేయవచ్చని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. దానికి ఇప్పుడు ఒక మినహాయింపు చేర్చాలి. ‘అప్పన్నది గుణుపురమైనా కావాలి, అతను అల్లమైనా అమ్మాలి, రెండూ మాత్రం కాదు’ అన్న మాట ఇంకో పజిల్‌లో వస్తే, అందులో వెంటనే రాయగలిగేది గుణుపురం, అల్లం కలిసే గడిలో ఒక్క ఇంటూ మాత్రమే. మిగతా సగం ఏ గడిలోనూ ఇమడదు. అప్పన్న గుణుపురం గడికి ఇంటూ పడిన రోజునే అల్లం గడిలో రైటు పెట్టే వీలు కలుగుతుంది. అలాంటి ఆధారాలను కొట్టేయకుండా చుట్టూ గీత గీసి ఉంచి, ప్రతి కొత్త గుర్తు తర్వాత మళ్లీ చదవాలి.

బ్యాంకు పరీక్షలకు చదువుతున్న మా మేనల్లుడు ఈ పట్టికను వాడడు. నలభై ఎనిమిది గడులు గీసే వ్యవధి ఆ పరీక్షలో దొరకదని, పేర్ల వరస ఒక్కటి రాసుకుని నింపుకుంటాడు. అతని అవసరానికి అదే సరైనది. నాకు మధ్యాహ్నాలు తీరిక, పిల్లలకు జవాబు కంటే అది ఎందుకు తప్పదో తెలియడం ముఖ్యం. మీ పరిస్థితీ ఇలాంటిదే అయితే కొనే ముందు పేజీ తిప్పి పెట్టెలు లెక్కపెట్టండి: మూడు వర్గాలకు మూడు, నాలుగు వర్గాలకు ఆరు ఉండాలి.