మిర్చిలో నష్టం వచ్చిన ఏడే స్థలం అమ్మాలా, ఏప్రిల్ దాకా ఆగాలా?

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టే ఒక వ్యాపారి మార్చి రెండో వారంలో మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో కోల్డ్ స్టోరేజీ బాండ్లు, టిక్కీల లెక్క రాసుకున్న నోటుపుస్తకం ఉన్నాయి. ధర పడిపోవడంతో 2025-26లో వ్యాపార నష్టం ఆరు లక్షలు తేలింది. మంగళగిరి దగ్గర 2020లో ఎనిమిది లక్షలకు కొన్న స్థలానికి ఇప్పుడు పద్దెనిమిది లక్షలకు బేరం కుదిరింది. వేరే ఆదాయం లేదు. నష్టం ఉన్నప్పుడే అమ్మేస్తే పన్ను పడదని యార్డులో అందరూ అంటున్నారని, మార్చి 31 లోపే రిజిస్ట్రేషన్ పెట్టుకోమంటారా అని ఆయన అడిగారు.

యార్డులో అన్న మాట సగం నిజం. వ్యాపార నష్టాన్ని అదే ఏడాది జీతం మీద తప్ప మిగతా ఆదాయాలన్నిటి మీదా సర్దుబాటు చేయవచ్చు, మూలధన లాభం కూడా అందులో ఉంటుంది. ఏడాది దాటితే ఆ వీలు పోతుంది. మిగిలిన నష్టం ఎనిమిదేళ్ల పాటు ముందుకు వెళ్తుంది గాని, వ్యాపార లాభం మీద తప్ప మరి దేని మీదా సర్దుబాటు కాదు. ఆ లాభం మిర్చిదే కానక్కర్లేదు, వేరే వ్యాపారానిదైనా చాలు. అంటే స్థలం లాభానికీ ఈ ఆరు లక్షల నష్టానికీ మార్చి 31 తరువాత ఇక సంబంధం ఉండదు.

ముందు మార్చిలోనే అమ్మిన పక్షం చూద్దాం. స్థలం మీద దీర్ఘకాలిక లాభం పది లక్షలు. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలం కాబట్టి, సూచీతో ఖర్చు పెంచి 20 శాతం కట్టే పద్ధతితోనూ పోల్చాము. అందులో పన్ను దాదాపు లక్షా అరవై వేలు వస్తున్నందున సూచీ లేకుండా లాభం మీద 12.5 శాతం కట్టడమే మేలని తేలింది. ఆ పది లక్షల్లోంచి వ్యాపార నష్టం ఆరు లక్షలు పోతే నాలుగు లక్షలు మిగులుతుంది. కొత్త విధానంలో మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. దేశంలో నివసించే వ్యక్తికి వేరే ఆదాయం లేక ఈ పరిమితి మిగిలిపోతే, దాన్ని స్థలం లాభానికి వాడుకోనిస్తారు. కాబట్టి పన్ను సున్నా. నష్టం వల్లా పరిమితి వల్లా కలిసి లక్షా పాతిక వేల పన్ను, దాని మీద సెస్సు తప్పాయి.

ఏప్రిల్ దాకా ఆగితే స్థలం లాభం పది లక్షల మీద లక్షా పాతిక వేలు కట్టక తప్పదు, కానీ ఆరు లక్షల నష్టం చెక్కుచెదరకుండా వచ్చే ఏడాది వ్యాపార లాభానికి ఎదురుగా నిలుస్తుంది. అక్కడ అది ఎంత పన్ను తప్పిస్తుందన్నది ఆ లాభం ఏ శ్లాబులో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. నా ఉద్దేశంలో అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. నష్టాన్ని ఎప్పుడు వాడుకుంటున్నాం అనే దానికన్నా, ఎంత శాతం పన్ను పడే ఆదాయం మీద వాడుకుంటున్నాం అనేది ముఖ్యం.

ఇప్పటి శ్లాబులే పెట్టి రెండు అంచనాలు వేశాము. వచ్చే ఏడాది వ్యాపార లాభం పదిహేను లక్షలు అనుకుంటే, మార్చిలో అమ్మినప్పుడు ఆ లాభం మీద పన్ను సెస్సుతో 1,09,200 అవుతుంది. ఏప్రిల్ తరువాత అమ్మితే వ్యాపార ఆదాయం తొమ్మిది లక్షలకు తగ్గి దాని మీద పన్ను ముప్ఫై వేలే అయినా, స్థలం పన్ను లక్షా పాతిక వేలు చేరి, సెస్సుతో మొత్తం 1,61,200 అవుతుంది. మార్చిలో అమ్మడం 52,000 మేలు. అదే వచ్చే ఏడాది లాభం ముప్ఫై లక్షలు అయితే లెక్క తిరగబడుతుంది. మార్చిలో అమ్మితే 4,99,200, ఆగి అమ్మితే 4,42,000. ఇక్కడ ఆగినవారికి 57,200 మిగులుతుంది, ఎందుకంటే ఆరు లక్షల నష్టమూ 30 శాతం శ్లాబులోని లాభాన్నే తగ్గించింది. ఈ వ్యాపారి విషయంలో రెండూ సమానమయ్యేది లాభం ఇరవై ఒకటిన్నర లక్షల దగ్గర.

అంచనా వేసేటప్పుడు బాండ్ల వైపు ఒకసారి చూడాలి. మార్చి 31న కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకును కొన్న ఖర్చు, అమ్మితే వచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే ఆ ధరకు లెక్క కడతాం. ఈ ఆరు లక్షల్లో కొంత అలా పుట్టిన నష్టమే. అదే సరుకు జూన్‌లో పెరిగిన ధరకు అమ్ముడైతే ఆ తేడా అంతా వచ్చే ఏడాది లాభంగా తేలుతుంది. అందుకని గడచిన ఏళ్ల సగటును బట్టి లాభం ఊహించడం ఇక్కడ పనికిరాదు.

ఆయనకు ఒక షేర్లో లక్షన్నర దీర్ఘకాలిక నష్టం ఉంది, ఇంకా అమ్మలేదు. దాన్ని కూడా మార్చిలోనే అమ్మి స్థలం లాభంలో కలిపేస్తానన్నారు. మూలధన నష్టం ముందు మూలధన లాభంలోనే పోతుంది, ఆ తరువాతే వ్యాపార నష్టం వంతు వస్తుంది. అలా చేస్తే చివరికి మిగిలేది నాలుగు లక్షలకు బదులు రెండున్నర లక్షలు. ఎలాగూ పన్ను లేని సొమ్ము మీద లక్షన్నర నష్టాన్ని పారబోసినట్టే. దీర్ఘకాలిక నష్టం దీర్ఘకాలిక లాభం మీదే సర్దుబాటు అవుతుంది కాబట్టి, షేరు ధర సంగతి పక్కన పెడితే, అమ్మకం ఏప్రిల్‌కు వాయిదా వేసి ఎనిమిదేళ్ల గడువు చేతిలో ఉంచుకోమన్నాను.

విజయవాడలో అప్పు మీద కొని అద్దెకిచ్చిన ఫ్లాటు ఉన్నవారు ఇంటి నష్టం సంగతీ అడుగుతారు. కొత్త విధానంలో ఆ నష్టం వ్యాపార లాభాన్ని గాని స్థలం లాభాన్ని గాని తాకదు. పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల దాకా మిగతా ఆదాయాల్లో సర్దుబాటు చేసి, మిగిలినది ఎనిమిదేళ్ల పాటు ఇంటి ఆదాయం మీదికి తీసుకెళ్లవచ్చు.

ఆగడంలో ఉన్న మరో ముప్పు రిటర్ను గడువు. గడువు దాటాక రిటర్ను వేస్తే వ్యాపార నష్టమూ మూలధన నష్టమూ ముందుకు వెళ్లవు, ఇంటి నష్టం మాత్రం వెళ్తుంది. అదే ఏడాది సర్దుబాటుకు ఈ షరతు లేదు. అంటే ఆలస్యం చేసే అలవాటున్నవారికి మార్చి అమ్మకమే భద్రం. పైగా నష్టం చూపాలంటే లెక్కల పుస్తకాలుండి `ITR-3` వేయాలి. అంచనా లాభం పద్ధతిలో `ITR-4` వేసేవారికి చూపడానికి నష్టమే ఉండదు. రిటర్ను పంపేముందు `Schedule CYLA`లో ఏ నష్టం ఏ ఆదాయంలోంచి పోయిందో, `Schedule CFL`లో ఎంత మిగిలిందో చూసుకోవాలి. అలా మిగిలిన పాత నష్టాలు 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ కొనసాగుతాయి.

ఆయన బాండ్లు మళ్లీ లెక్కపెట్టి, వచ్చే ఏడాది లాభం పద్దెనిమిది లక్షలు దాటడం కష్టమన్నారు. అయితే మార్చిలోనే కానివ్వండని చెప్పాను. కొనేవారు అప్పటికి అడ్వాన్సు మాత్రమే ఇచ్చారు. అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన అమ్మకం జరిగినట్టు కాదు కాబట్టి, 31 లోపు మిగతా సొమ్ము చేతికొచ్చి దస్తావేజు రిజిస్టరై, స్థలం అప్పగించేలా చూసుకోమని ఫోనులోనే కొనుగోలుదారుతో మాట్లాడించాను.