ఏడేళ్లుగా 👀 పెడుతున్నాను

గొడవ మనది కాదు, అలాగని వదిలి పోబుద్ధీ కాదు. అప్పుడు ఒక్క వేలితో పని కానిచ్చేది 👀. ఇది 2010లోనే యూనికోడ్‌లోకి వచ్చింది. నేను మాత్రం ఏడేళ్ల కిందట మొదలుపెట్టాను, ట్విట్టర్‌లో ఇద్దరు హీరోల ఫ్యాన్స్ తొలిరోజు కలెక్షన్ల మీద కొట్టుకుంటుంటే. అంత గుంపులో అది ఎవరికీ తగలదు. "కానివ్వండి, నేనూ ఉన్నా" అన్నట్టుంటుంది. ఈ జంట కళ్లు పక్కకి చూస్తాయి, అందులోనే ఉంది కొంటెతనం. పొరపాటున ఒంటి కన్ను 👁 పడిందంటే నిఘా పెట్టినట్టే.

టీ కప్పు ☕ సంగతి వేరు. 2014లో టీ తాగుతున్న కెర్మిట్ కప్ప బొమ్మ నెట్‌లో పాకిపోయింది, కింద "నాకెందుకులే" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క. అంతకుముందే అమెరికా నల్లజాతి డ్రాగ్ కళాకారుల మాటల్లో 'టీ' అంటే గుట్టు, కబురు. మన దగ్గర టీ అంటే మర్యాద. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ గొడవ నడుస్తుంటే ☕ పెట్టాను. మూడో అంతస్తు పెద్దాయన వెంటనే, "పైకి రా బాబూ, పాలు ఉన్నాయి." వెళ్లాను. టీతోపాటు అరగంట ఆయన పక్షం వాదన కూడా తాగి వచ్చాను. అవతలి వాళ్లు ఇప్పటికీ నన్ను ఆయన మనిషిననే అనుకుంటారు.

అసలు దెబ్బ తిన్నది మాత్రం కళ్లతోనే. నీళ్ల ట్యాంకర్ల మీద రగడ అవుతోంది. ట్రెజరర్ గారు "ఈ నెల 38 వేలు అయింది" అని రాశారు. ఆ మెసేజ్ మీదే రియాక్షన్‌గా 👀 పెట్టాను, తమాషా చూస్తున్నానని. రెండు నిమిషాల్లో నాకు విడిగా మెసేజ్: "ఏం బాబూ, లెక్కల్లో తేడా కనబడిందా?" ఇదే 👀 విడి మెసేజ్‌గా గ్రూపులో వదిలితే గొడవ మొత్తాన్ని చూస్తున్నట్టుంటుంది. అంకె ఉన్న మెసేజ్‌కి తగిలిస్తే అనుమానం అయిపోతుంది. పైగా రియాక్షన్ కబురు నేరుగా ఆ రాసినాయనకే వెళ్తుంది. ఒక్క సుఖం ఏమిటంటే రియాక్షన్ తీసేస్తే గ్రూపులో ఆనవాలుండదు. మెసేజ్ డిలీట్ చేస్తే మాత్రం చెరిపిన గుర్తు మిగిలిపోతుంది, దాని గురించి ఇంకో చర్చ. నేను తీసేశాను, కానీ ఆయన అప్పటికే చూసేశారుగా.

ఇప్పుడు ఇరవై ముప్పై మంది గ్రూపుల్లో 👀 మానేశాను. పది మందున్న చోట పక్కచూపు ఎవరో ఒకరికి తగులుతుంది. సినిమా గొడవలకు మాత్రం ఇంతకు మించింది దొరకలేదు. 🍿 కూడా వాడి చూశాను, మరీ టికెట్ కొనుక్కుని కూర్చున్నట్టుంటుంది.

ఆఫీసు స్లాక్‌లో అసలు జోలికి పోకండి. అక్కడ చాలా టీముల్లో 👀 అంటే "నేను చూస్తున్నా, పని నాది" అని. ఒక బగ్ ఎవరి తప్పని ఇద్దరు తిట్టుకుంటుంటే సరదాగా పెట్టాను. మేనేజర్ థాంక్స్ చెప్పి ఆ బగ్ సరిచేసే టికెట్ నా పేరు మీద వేశాడు.